గానుగ పెట్టుకోవడానికి వెళ్తున్న సహోద్యోగికి వీడ్కోలు: నేను రాసిన ఈ మాటల్లో ఎక్కడో ముల్లు ఉంది, ఎక్కడ?

మాటకారి_కాను
మాది అనంతపురంలో డ్రిప్ పరికరాలు అమ్మే ఆఫీసు. పదమూడుమందిమి. సబ్సిడీ బిల్లులు చూసే మేడమ్ (పేరు ఇక్కడ పెట్టను) పదకొండేళ్ల తరువాత ఉద్యోగం మానేస్తున్నారు. కదిరి దగ్గర సొంత ఊళ్లో చెక్క గానుగ పెట్టి వేరుశనగ నూనె అమ్ముతారట. శనివారం వీడ్కోలు. మాట్లాడే పని నా మీద పడింది, ఎందుకంటే మిగతావాళ్లందరూ తప్పించుకున్నారు.

ఆవిడ రాజీనామా ఇచ్చిన రోజు నుంచి టీ దగ్గర ఇదే కబురు. ఒకాయన "ఆరు నెలలు చూడండి" అంటాడు. ఇంకొకాయన "నూనెలో ఏం మిగులుతుంది" అంటాడు. ఆవిడ లోపలికి రాగానే అందరూ "చాలా మంచి నిర్ణయం మేడమ్" అంటారు. నాకు ఇది చిరాకుగా ఉంది. కానీ నేను రాసుకున్నది మా ఆవిడకు చదివి వినిపిస్తే "ఇది వీడ్కోలా, దెప్పిపొడుపా?" అని అడిగింది. కింద పెడుతున్నాను, చూసి చెప్పండి.

"మేడమ్, మీరు వెళ్లిపోతున్నారంటే నమ్మలేకపోతున్నాం. పదకొండేళ్లు ఎంతో కష్టపడ్డారు. ఈ రోజుల్లో నెల జీతం వదులుకోవాలంటే చాలా గుండె కావాలి. అయినా మీకేం, సారుకు ప్రభుత్వ ఉద్యోగం ఉంది, ధైర్యంగా దిగవచ్చు. మాకు అంత అదృష్టం లేదు, ఈ కుర్చీలకే అతుక్కుపోయాం. రేపు పెద్ద మిల్లు పెట్టి కారులో తిరిగేటప్పుడు మమ్మల్ని గుర్తుపట్టాలి. నూనె మాకు సగం ధరకే ఇవ్వాలి. ఒకవేళ కుదరకపోయినా మీ కుర్చీ మీ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. శుభాకాంక్షలు."

నెల్లూరు_బాబాయ్
బాగానే ఉందిగా! ఇందులో ముల్లు ఎక్కడ? ఇంతకంటే పొగిడితే పెళ్లిపందిట్లో మాట్లాడినట్టు ఉంటుంది.

చుక్కల_ముగ్గు
బాబాయ్, "మీకేం" దగ్గర ఆగి ఇంకోసారి చదవండి.

నెల్లూరు_బాబాయ్
చదివాను. నిజమే కదా? భర్తకు ఉద్యోగం ఉంటే ఇల్లు గడుస్తుంది. నిజం చెప్తే ముల్లా?

చుక్కల_ముగ్గు
నిజమే కావచ్చు. కానీ ఆ వాక్యం చేసే పని ఏమిటి? అంతకు ముందు వాక్యంలో "చాలా గుండె కావాలి" అని ఇచ్చింది, వెంటనే వెనక్కి తీసుకుంటోంది. ఆవిడ ధైర్యాన్ని తీసుకెళ్లి భర్త జీతం ఖాతాలో వేసింది.

నేను తొమ్మిదేళ్లు ఒక బడిలో లెక్కలు చెప్పి, మానేసి బొటిక్ పెట్టాను. వీడ్కోలు రోజున నలుగురు ఇదే మాట అన్నారు. ఆ నలుగురికీ నేను ఏ లోన్ తీసుకున్నానో, ఏ నగ తాకట్టు పెట్టానో తెలియదు. తెలియనివాళ్లే "మీకేం" అంటారు. కొన్నేళ్లు గడిచాయి, ఆ రోజు ఇచ్చిన గోడ గడియారం ఎవరిదో మర్చిపోయాను, ఆ మాట ఎవరిదో మర్చిపోలేదు.

పాత_ఫైలు
నేను ఒక ఫ్యాక్టరీలో పరిపాలన విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పదవీ విరమణలు, బదిలీలు, రాజీనామాలు, అన్ని రకాల వీడ్కోళ్లూ నేనే ఏర్పాటు చేసేవాడిని. సొంత వ్యాపారానికి వెళ్లేవాళ్ల సభ మిగతావాటికంటే కష్టం. రిటైరయ్యేవాడు అందరూ వెళ్లే చోటికే వెళ్తున్నాడు. వేరే కంపెనీకి వెళ్లేవాడు మనలాగే ఇంకో కుర్చీకి వెళ్తున్నాడు. వ్యాపారానికి వెళ్లేవాడు మాత్రం, తను ఏమీ అనకుండానే, కూర్చున్న ప్రతివాడినీ "నువ్వెందుకు వెళ్లలేదు?" అని అడిగినట్టు అనిపిస్తుంది. సభలో వచ్చే ఆ పిచ్చి హాస్యమంతా ఆ ప్రశ్నకు జవాబే.

మీరు రాసింది చూడండి. ఆవిడ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, "ఎంతో కష్టపడ్డారు." అది ఎవరికైనా అతుకుతుంది. మిగతాదంతా మీ గురించే: మేము నమ్మలేకపోతున్నాం, మాకు అదృష్టం లేదు, మమ్మల్ని గుర్తుపట్టాలి, మాకు సగం ధర. ఎరుపు పెన్ను తీసుకుని "మేము, మాకు, మమ్మల్ని" కింద గీతలు గీయండి, మీ ఆవిడకు ఎందుకు అలా అనిపించిందో తెలుస్తుంది.

మాటకారి_కాను
గీశాను. కాగితం ఎర్రబడింది.

ఫ్రిస్కో_శ్రీ
అభినందనలు మాటకారి గారూ! వ్యాపారం మొదలుపెట్టడం పెద్ద అడుగు. గానుగకు స్థలం తీసుకునే ముందు కరెంటు కనెక్షన్ ఏ రకానిదో కనుక్కోండి. నేను కూడా ఇక్కడ సాఫ్ట్‌వేర్ మానేసి ఊరగాయలు...

చుక్కల_ముగ్గు
శ్రీ గారూ, వెళ్తున్నది ఆయన కాదు.

ఫ్రిస్కో_శ్రీ
ఓహ్. సగం చదివి రాశాను. అయితే ఆయన కుర్చీలోనే ఉంటారా? దానికీ అభినందనలు.

గానుగ_వీధి
నాది ప్రొద్దుటూరు దగ్గర రెండు చెక్క గానుగలు. ఆరేళ్లుగా నడుపుతున్నాను. "సగం ధరకే ఇవ్వాలి" అనే వాక్యం గురించి మాత్రం చెప్తాను, అది నా బాధ.

లీటరు నూనె రావాలంటే చెక్క గానుగలో సుమారు రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి. విత్తనాల రకాన్ని బట్టి, తేమను బట్టి కాస్త అటూఇటూ. అంటే గింజల ఖర్చే సీసా ధరలో పెద్ద భాగం. ఆ పైన కరెంటు, కూలి, సీసా, లేబుల్. నూనె తీయగా మిగిలిన చెక్కను పాడి రైతులకు అమ్మితే వచ్చే డబ్బే చాలా నెలల్లో మా లాభం. సగం ధరకు ఇస్తే ఆవిడ గింజల డబ్బు కూడా రాదు. మీరు సరదాగా అన్నారు, తెలుసు. కానీ ఆ సభలో పన్నెండుమంది ఉంటారు, అందులో ముగ్గురు నిజంగానే అడుగుతారు. "ఆ రోజు అందరి ముందూ నవ్వారుగా మేడమ్" అంటారు. కాదనలేక ఇస్తుంది. కొత్తగా పెట్టినవాళ్లను ముందు ముంచేది పోటీదారు కాదు, తెలిసినవాళ్ల డిస్కౌంటు.

నెల్లూరు_బాబాయ్
ఇది ఒప్పుకుంటాను. మా తమ్ముడు చెప్పుల కొట్టు పెడితే మా వంశమంతా కొత్త చెప్పులు వేసుకుంది. ఒక్కరూ డబ్బు ఇవ్వలేదు. కొట్టు మూశాక "వాడికి వ్యాపారం రాదు" అన్నది కూడా ఆ చెప్పులు వేసుకున్నవాళ్లే.

గానుగ_వీధి
😄 బాబాయ్, మీరు ఎన్ని జతలు?

నెల్లూరు_బాబాయ్
ప్రస్తుత చర్చకు అది సంబంధం లేదు.

లెడ్జరు
అందరూ మాటల మీద పడ్డారు, కాస్త పని విషయం చూద్దామా. డిస్కౌంటు అడగకుండా సాయం చేయాలంటే ఒకటే దారి: ఆఫీసంతా కలిసి మొదటి రోజే పెద్ద ఆర్డరు ఇవ్వండి. పన్నెండుమంది, మనిషికి ఐదు లీటర్లు, అరవై లీటర్లు. పూర్తి ధర. జ్ఞాపిక బదులు అదే బహుమతి. ఆవిడకు ఊపు వస్తుంది.

గానుగ_వీధి
లెడ్జరు గారూ, పూర్తి ధర అన్నది చాలా మంచి మాట. అరవై లీటర్లు ఒకేసారి అన్నదే చిక్కు. నాకు ఇదే జరిగింది. మొదటి నెల బంధువులు, స్నేహితులు డబ్బాలు డబ్బాలు కొన్నారు. అమ్మకం ఇలాగే ఉంటుందనుకుని నేను గింజలు బస్తాలకు బస్తాలు కొని పెట్టాను. రెండో నెల ఎవరూ రాలేదు, ఇంట్లో నూనె ఉంది కదా మరి. వాన పడింది, బస్తాల్లో తేమ చేరింది, కొన్ని గింజలు బూజు పట్టాయి. బూజు గింజ ఆడకూడదు, ఆరోగ్యానికి హాని, పారేయడమే.

ఇంకో సంగతి. గానుగ నూనె ఎక్కువ కాలం నిలవ ఉంచితే మడ్డి వాసన వస్తుంది. ఇంట్లో ఐదు లీటర్లు పెట్టుకుని, చివరి లీటరు కంపుకొడితే తిట్టేది ఆవిడనే. నెలకు మనిషికి ఒక్క లీటరు చాలు. కానీ నెలనెలా. ఆ క్రమాన్ని బట్టి ఆవిడ ఎన్ని బస్తాలు కొనాలో లెక్క వేసుకోగలదు.

లెడ్జరు
ఒప్పుకున్నాను. ఐదు కాదు, ఒకటి. నెలనెలా.

తుంగభద్ర_తీరం
నా అనుమానం వేరే. మాటకారి గారూ, మీరు ఇతరుల అసూయ గురించి రాశారు. మీకు లేదా? ఉంటే, ఎన్ని వాక్యాలు మార్చినా గొంతులో వినిపిస్తుంది.

మాటకారి_కాను
ఉంది. కొంచెం. నేనూ ఒకప్పుడు విత్తనాల దుకాణం పెడదామని చాలా దూరం వెళ్లి ఆగిపోయాను. ఆవిడ రాజీనామా కాగితం టైపు చేస్తుంటే ప్రింటరు దగ్గర నేనే ఉన్నాను, ఏదోలా అనిపించింది. కానీ ఆవిడ నష్టపోవాలని లేదు, అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

పాత_ఫైలు
అయితే మీ చేతిలో ఉన్నది పనికొచ్చే సరుకే. "నాకూ అలాంటిది కావాలి" అనే అసూయ ఒకటి, "ఆవిడకు అది ఉండకూడదు" అనేది ఇంకొకటి. మొదటిది ఉన్నవాడు వివరాలు అడుగుతాడు: గానుగ ఎక్కడ కొన్నారు, గింజలు ఎవరి దగ్గర, కరెంటు ఎంత. రెండోది ఉన్నవాడికి వివరాలు అక్కర్లేదు, ముగింపు మాత్రమే చెప్తాడు: "ఆరు నెలలు చూడండి." మీ టీ బృందంలో ఎవరు ఏ రకమో ఒక్క పూటలో తేలిపోతుంది.

చుక్కల_ముగ్గు
దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ. మా బడిలో తెలుగు టీచరు నన్ను పక్కకు పిలిచి "నాకు కుళ్లుగా ఉంది. నేను చేయలేనిది నువ్వు చేస్తున్నావు. అయినా సంక్రాంతికి మా పిల్లల లంగాలు నీ దగ్గరే" అంది. అలాగే వచ్చింది, డబ్బు ఇచ్చింది, ఒక లంగా కుట్టు వంకరగా ఉందని తిరిగి తెచ్చి నా ముందు పెట్టింది కూడా. ఈనాటికీ నాకున్న మంచి స్నేహితురాలు ఆవిడే. కాబట్టి చెప్పేయండి.

తుంగభద్ర_తీరం
ఇద్దరి మధ్య అయితే సరే. మైకులో వద్దు. మైకులో "నాకు అసూయగా ఉంది" అంటే అందరూ మీ వైపు చూస్తారు, సభ మీదవుతుంది. అది ఆవిడ రోజు.

చుక్కల_ముగ్గు
మైకులో అనమని నేను అనలేదు. కానీ పూర్తిగా దాచమంటే ఒప్పుకోను.

రాయని_డైరీ
అసూయ సంగతి సరే. ఆందోళన మాటేమిటి? నాకు నిజంగానే భయంగా ఉంటే చెప్పకూడదా? మా స్నేహితుడు బేకరీ పెడతానంటే చెప్పకుండా ఊరుకున్నాం, అసూయపరులు అంటారేమోనని. ఓవెన్‌కు తీసుకున్న అప్పు ఇంకా కడుతున్నాడు.

పాత_ఫైలు
చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ అన్నదే తేడా. ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు, ఆవిడ ఏదైనా చేయగలిగే విషయం అయితే అది హితవు. ఉదాహరణకు "పాత బస్తాలు అంటగడతారు, తేమ చూసి కొనండి" అన్నది. రాజీనామా ఆమోదం పొందాక, పన్నెండుమంది ముందు, దండ మెడలో ఉండగా "ఈ రంగంలో పోటీ ఎక్కువ మేడమ్" అంటే ఆ మాటతో ఆవిడ ఏం చేసుకోవాలి?

అలాగే ఒక పని చెప్తాను మాటకారి గారూ. వీడ్కోలు కంటే ముందు ఆవిడ కాగితాలు చూడండి. పదకొండేళ్లు అంటే గ్రాట్యుటీ వస్తుంది, 5 ఏళ్లు దాటాయి కనుక. చివరి మూల వేతనం, డీఏ కలిపి 26,000 అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 15,000, అది ఏడాదికి. పదకొండేళ్లకు 1,65,000. 30 రోజుల్లో ఇవ్వాలి. చిన్న ఆఫీసుల్లో దీన్ని సాగదీస్తారు, వెళ్లినావిడ మొహమాటంతో అడగదు. కొత్త వ్యాపారానికి ఆ డబ్బు మొదటి నెలల్లో వస్తే ఒక విలువ, ఏడాది తరువాత వస్తే ఇంకో విలువ.

లెడ్జరు
ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమా ఉంటే అది కూడా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది, కానీ చివరి తేదీ దాటకముందే అడగాలి. చాలామందికి ఈ సంగతి ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

మాటకారి_కాను
బీమా సంగతి నాకు తట్టనే లేదు. గ్రాట్యుటీ ఫారం ఆవిడ ఇంకా ఇవ్వలేదని తెలిసింది. ఈ రోజే పూర్తి చేయించాను. మా దగ్గర పదిమందికి పైగా ఉన్నాం కాబట్టి చట్టం వర్తిస్తుందని అకౌంట్స్ ఆయన కూడా ఒప్పుకున్నాడు (కాస్త గొణిగాడు).

ఇప్పుడు "కుర్చీ ఎదురుచూస్తుంది" వాక్యం. అది ఉంచాలా? నాకు అది ప్రేమగానే అనిపిస్తోంది.

చుక్కల_ముగ్గు
తీసేయండి. "నువ్వు ఓడిపోతావు" అనడానికి మర్యాదగా చెప్పే పద్ధతి అది.

నెల్లూరు_బాబాయ్
అస్సలు తీయవద్దు. మనిషికి వెనక ఒక గోడ ఉందంటే ముందుకు ధైర్యంగా నడుస్తాడు. మా తమ్ముడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు, కొట్టు పోయాక మొహం చూపించలేక ఏడాది ఇంట్లో కూర్చున్నాడు.

తుంగభద్ర_తీరం
బాబాయ్ చెప్పినదాంట్లో పస ఉంది. కానీ ఆ కుర్చీ మాటకారి గారిదా ఇవ్వడానికి? వచ్చే నెల అందులో ఇంకొకరు కూర్చుంటారు. ఆ మాట యజమాని, తలుపు మూసుకుని, ఆవిడతో ఒక్కరితో అంటే విలువ ఉంటుంది. సహోద్యోగి మైకులో అంటే గాలిమాట.

రాయని_డైరీ
నేను బాబాయ్ వైపు. గాలిమాట అయినా వినడానికి బాగుంటుంది.

గానుగ_వీధి
నాకు ఆ మాట అన్నారు. మొదటి ఏడాది రెండుసార్లు వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను, నిజంగానే ఫోన్ చేశాను. "ఇప్పుడు ఖాళీ లేదు" అన్నారు. అప్పుడు బాధపడ్డాను. వెళ్లి ఉంటే గానుగలు ఉండేవి కావు. కాబట్టి మంచో చెడో నాకు తేలలేదు.

మాటకారి_కాను
సరే, మళ్లీ రాశాను. పాత_ఫైలు గారు అన్నట్టు, ఎవరికైనా అతికే పొగడ్త తీసేసి ఆవిడ పనిలోంచి ఒక సంగతి పెట్టాను.

"మేడమ్, డ్రిప్ సబ్సిడీ ఫైలు వెనక్కి వస్తే మన ఆఫీసులో మామూలుగా జరిగేది ఒకటే, దాన్ని ట్రేలో పడేసి రైతు వచ్చి అడిగేదాకా ఊరుకోవడం. మీరు అలా చేయలేదు. 1-బిలో ఒక విస్తీర్ణం, అడంగల్‌లో ఇంకో విస్తీర్ణం ఉన్న ఫైలు వస్తే మీరే రైతుకు ఫోన్ చేసి, ఏ కాగితం ఎవరి దగ్గర తెచ్చుకోవాలో చెప్పేవారు. ఇప్పటికీ కదిరి, తలుపుల ఊళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లు ఆఫీసు పేరు చెప్పరు, 'ఆ మేడమ్ ఉన్నారా' అని అడుగుతారు. రేపు మీరు వేరుశనగ కొనబోయేది వాళ్ల దగ్గరే. వాళ్లకు మీ మాట మీద గురి ఉంది, అది మీరు ఇక్కడ కూర్చుని సంపాదించినదే. మేమందరం నెలకు తలా ఒక లీటరు కొంటాం, బోర్డు మీద ఉన్న ధరకే. నూనె బాగుంటే పక్కింటికి చెప్తాం, బాగోకపోతే మీకే చెప్తాం. మీ ఫైళ్లు నేను చూస్తాను, రైతుకు ఫోన్ చేయడం మానను."

చుక్కల_ముగ్గు
ఇది చదివితే ఆవిడ ఎవరో నాకు కనిపించింది. మొదటిదానిలో ఒక కుర్చీ మాత్రమే కనిపించింది.

ఫ్రిస్కో_శ్రీ
"బాగోకపోతే మీకే చెప్తాం" బాగుంది. మా ఊరగాయల గురించి స్నేహితులందరూ "అద్భుతం" అన్నారు. ఒక తమిళ ఆవిడ మాత్రం ఉప్పు ఎక్కువైందని చెప్పింది. తరువాత తెలిసింది, అందరికీ ఎక్కువైందట, చెప్తే నొచ్చుకుంటామని ఊరుకున్నారట.

తుంగభద్ర_తీరం
చివరి వాక్యం అవసరమా? మళ్లీ "నేను" వచ్చింది.

పాత_ఫైలు
ఆ "నేను" ఉండవచ్చు. పదకొండేళ్లు చూసిన పని వదిలి వెళ్లేవాళ్లకు ఆ రైతుల బెంగే ఎక్కువ ఉంటుంది. అది తీర్చే మాట. ఒక్క సవరణ: "తలా ఒక లీటరు కొంటాం" అనే ముందు మిగతా పదకొండుమందిని అడగండి. వాళ్ల తరఫున మీరు మాట ఇచ్చి, వాళ్లు కొనకపోతే ఆ లోటు ఆవిడ పుస్తకంలో పడుతుంది.

మాటకారి_కాను
అడిగాను. ఎనిమిదిమంది సరే అన్నారు. ఒకరు ఇంట్లో రిఫైన్డ్ నూనె తప్ప వాడరట. ఇద్దరు "చూద్దాం" అన్నారు. "మేమందరం" తీసేసి "మాలో తొమ్మిదిమందిమి" అని మార్చాను.

నెల్లూరు_బాబాయ్
ఆ "ఆరు నెలలు చూడండి" ఆయన ఏ జాబితాలో?

మాటకారి_కాను
"చూద్దాం"లో. వేరే ఏ జాబితాలో ఉంటాడు బాబాయ్.

మాటకారి_కాను
శనివారం అయింది. చదివాను. చేతులు వణికాయి కానీ ముళ్లు లేవని మా ఆవిడ ముందే ధ్రువీకరించింది కాబట్టి ఫరవాలేదు. ఎవరూ చప్పట్లు పెద్దగా కొట్టలేదు, నవ్వు వచ్చే మాట ఒక్కటీ లేదు మరి. తరువాత స్టోరు చూసే కుర్రాడు లేచి "అక్కా, మీరు నా జీతం పెంచమని సారుకు రెండుసార్లు చెప్పారట, నాకు ఈ మధ్యే తెలిసింది" అని కూర్చున్నాడు. అదే అన్నిటికంటే బాగుంది.

మా యజమాని మాత్రం మైకు తీసుకుని, నేను తీసేసిన వాక్యమే అన్నాడు: "కుర్చీ ఎప్పుడూ ఉంటుందమ్మా." ఆవిడ నవ్వారు. ఆ నవ్వు ఏ రకమో నాకు అర్థం కాలేదు.

సభ అయ్యాక బైక్ దగ్గర విత్తనాల దుకాణం సంగతి ఆవిడకు చెప్పాను, కొంచెం కుళ్లుగా ఉందని కూడా. "ఎందుకు ఆగిపోయారు?" అని అడిగి, అరగంట నన్నే మాట్లాడించారు.

చుక్కల_ముగ్గు
చూశారా.

తుంగభద్ర_తీరం
బైక్ దగ్గర చెప్పారు, మైకులో కాదు. కాబట్టి నేను చెప్పినట్టే చేశారు.

మాటకారి_కాను
నెల తరువాత మళ్లీ వచ్చాను, సలహా కావాలి. సీసాలు వచ్చాయి, డబ్బు ఇచ్చేశాం. వాసన కమ్మగా ఉంది. కానీ గారెలు వేస్తే మూకుడులో నురగ పొంగింది. సీసా అడుగున కాస్త మడ్డి కూడా ఉంది. ఆఫీసులో అడిగితే ఇంకో ఇద్దరికి కూడా అంతే. వాళ్లు ఆవిడకు మాత్రం "చాలా బాగుంది మేడమ్" అని మెసేజ్ పెట్టేశారు. నేను చెప్పాలా? మొదటి నెలే కదా.

గానుగ_వీధి
ఈ రోజే చెప్పండి. మూకుడులో నురగ వచ్చిందంటే సాధారణంగా నూనె సరిగ్గా తేరుకోలేదని, లేదా గింజలో తేమ ఉందని. ఆడిన నూనెను పాత్రలో కొన్ని రోజులు కదపకుండా ఉంచాలి, మడ్డి అడుగుకు దిగాక పైది మాత్రమే సీసాలకు పట్టాలి. ఆర్డర్లు ఉన్నాయని తొందరపడితే ఇలాగే అవుతుంది. లేబుల్ మీద తేదీ చూడండి, ఆడిన రోజు ఏదో ఆవిడను అడగండి.

మాటకారి_కాను
ఫోన్ చేశాను. ఆడిన మర్నాడే పట్టారట, మా తొమ్మిది సీసాలు ఆలస్యం కాకూడదని. నొచ్చుకుంటారేమో అనుకున్నాను. "ఇంకా ఎవరెవరికి పొంగిందో కనుక్కుని చెప్పండి, సీసాలు మార్చి ఇస్తాను" అన్నారు. వద్దన్నాను, ఇవి ఇలాగే తాలింపులకు వాడేస్తాం. రేపు ఆ "చాలా బాగుంది" ఇద్దరినీ కూర్చోబెట్టి నిజం మెసేజ్ పెట్టించాలి.

గానుగ_వీధి
నా నంబరు మీకు విడిగా పంపుతున్నాను, ఆవిడకు ఇవ్వండి. తేరుకోవడానికి ఎలాంటి పాత్ర, ఎన్ని రోజులు అన్నది ఫోన్‌లో చెప్తాను. వానాకాలం గింజలు ఎక్కడ నిలవ చేయాలో కూడా మాట్లాడాలి, బస్తాలు నేల మీద పెట్టవద్దని మాత్రం ఇప్పుడే చెప్పండి.

నెల్లూరు_బాబాయ్
నెల్లూరుకు పంపుతారా? ఒక లీటరు. డబ్బు ముందే ఇస్తాను, ఈసారి.